కొత్త సిప్ ఒక్కటే డైరెక్ట్‌కి మారిస్తే చాలదు, పాత సొమ్ము సంగతి చూడాలి

గాజువాకలో మా అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు బావ ఫోన్‌లో ఒక ఈమెయిల్ చూపించాడు. ఆరు నెలలకోసారి వచ్చే మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్ అది. బావ పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం చేస్తాడు. 35వ ఏట, జీతం పడే బ్యాంకులో ఒక ఉద్యోగి చెబితే నెలకు 10,000 రూపాయల సిప్ మొదలుపెట్టాడు. 100 వాయిదాలు పూర్తయ్యాయి. కట్టింది 10 లక్షలు, ఇప్పుడు విలువ 16 లక్షలు. ఆ సంతోషంతోనే చూపించాడు.

నేను కిందికి జరుపుకుంటూ వెళ్లి, చిన్న అక్షరాల్లో ఉన్న ఒక పట్టిక దగ్గర ఆగాను. ఆ ఆరు నెలల్లో ఈ ఖాతా మీద డిస్ట్రిబ్యూటర్‌కి, అంటే ఫండ్ అమ్మిపెట్టిన ఆ బ్యాంకుకి, చెల్లించిన కమీషన్ 7,300 రూపాయల పైచిలుకు అని ఉంది.

"ఇదేంటి? నేనెవరికీ ఏమీ ఇవ్వలేదే!" అన్నాడు బావ.

నిజమే, చేత్తో ఇవ్వలేదు. ఆ బ్యాంకు ఉద్యోగి బదిలీ అయి నాలుగేళ్లు దాటింది. ఆ తర్వాత ఈ ఫండ్ గురించి బావతో ఎవరూ మాట్లాడలేదు. కమీషన్ మాత్రం రోజూ వెళుతూనే ఉంది.

ఒకే ఫండ్‌కి రెండు ప్లాన్‌లు ఉంటాయి. మేనేజర్ ఒకరే, కొనే షేర్లూ అవే. రెగ్యులర్ ప్లాన్‌లో ఫండ్ ఖర్చుతో పాటు అమ్మిపెట్టినవారి కమీషన్ కూడా కలుస్తుంది. డైరెక్ట్ ప్లాన్‌లో ఆ కమీషన్ ఉండదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశంతో 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండ్ హౌసూ డైరెక్ట్ ప్లాన్ ఇస్తోంది. 2018 అక్టోబరులో సెబీ ముందస్తు కమీషన్లను ఆపేసి, అంతా ట్రెయిల్ పద్ధతిలోకి తెచ్చింది. అంటే మన సొమ్ము ఆ ప్లాన్‌లో ఉన్నంత కాలం, ఉన్న మొత్తం విలువ మీద ఏటా కొంత శాతం వెళుతుంది. దీనికి బిల్లు రాదు, ఖాతాలోంచి కోత కనిపించదు. ఒక్కో యూనిట్ ధరని ఎన్‌ఏవీ అంటారు, రోజూ దాన్ని లెక్క కట్టేటప్పుడే తీసేస్తారు కాబట్టి, మన కంటికి కనిపించేది కోత పోగా మిగిలిందే.

ఈ తేడా అన్ని ఫండ్లలో ఒకేలా ఉండదు. లిక్విడ్, ఇండెక్స్ ఫండ్లలో చాలా తక్కువ. మేనేజర్ షేర్లు ఎంచి కొనే ఈక్విటీ ఫండ్లలో ఎక్కువ, ఒక శాతానికి అటూ ఇటూగా ఉండటం మామూలే. మీ ఫండ్ సంగతి తేల్చుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. 2013కి ముందు నుంచీ ఉన్న పథకమైతే, రెండు ప్లాన్‌లూ ఆ జనవరిలో దాదాపు ఒకే ఎన్‌ఏవీతో బయలుదేరాయి. ఈరోజు డైరెక్ట్ గ్రోత్ ఎన్‌ఏవీని రెగ్యులర్ గ్రోత్ ఎన్‌ఏవీతో భాగించండి. 1.12 వచ్చిందంటే, ఇన్నేళ్లలో రెగ్యులర్‌లో ఉన్నవారి కంటే డైరెక్ట్‌లో ఉన్నవారి సొమ్ము 12 శాతం ఎక్కువైందన్నమాట. "డైరెక్ట్ ఎన్‌ఏవీ ఎక్కువ, యూనిట్లు తక్కువ వస్తాయి, ఖరీదు కదా" అని కొందరు భయపెడతారు. కమీషన్ బయటికి పోకుండా లోపలే ఉండిపోవడం వల్లే ఆ ఎన్‌ఏవీ ఎక్కువగా ఉంది.

ఇక బావ లెక్క. ఆయనకి 60 వచ్చేసరికి సిప్‌కి 25 ఏళ్లు నిండుతాయి. డైరెక్ట్‌లో ఏటా 12 శాతం, రెగ్యులర్‌లో 11 శాతం పెరుగుతుందనుకుందాం. మార్కెట్ ఇంతే ఇస్తుందని ఎవరూ చెప్పలేరు, కానీ తేడాని కొలవడానికి ఈ అంచనా సరిపోతుంది. కట్టేది మొత్తం 30 లక్షలు. మొదటి రోజు నుంచీ డైరెక్ట్‌లో ఉంటే చివరికి సుమారు కోటీ 70 లక్షలు, రెగ్యులర్‌లో అయితే కోటీ 45 లక్షలు. తేడా 25 లక్షలు. అంటే బావ నెల నెలా కట్టే వాయిదాలు 250.

ఈ 25 లక్షలూ డిస్ట్రిబ్యూటర్ జేబులోకే వెళ్తాయనుకుంటే పొరపాటు. 25 ఏళ్లలో కమీషన్‌గా చేతులు మారేది దాదాపు 10 లక్షలే. మిగతా 15 లక్షలు ఎవరికీ దక్కలేదు. ఏటా బయటికి పోయిన డబ్బు ఫండ్‌లోనే ఉండి ఉంటే అది కూడా పెరిగేది, ఆ పెరుగుదలే ఈ 15 లక్షలు. ఇది ఏ స్టేట్‌మెంట్‌లోనూ కనిపించదు. అసలు కమీషన్ కంటే ఇదే పెద్దది.

ఏడాది వారీగా చూస్తే ఇంకో విషయం తేలుతుంది. మొదటి ఏడాది కమీషన్ ఆరేడు వందల రూపాయలు. ఇంటికొచ్చి కేవైసీ చేయించి, ఫారాలు నింపిన మనిషికి అది కూలీ కూడా కాదు. 25వ ఏట అదే శాతం ఏడాదికి లక్షా పాతిక వేల దాకా అవుతుంది. ఆ ఏడాది బావ కట్టే సిప్ మొత్తం 1,20,000 రూపాయలు. అంటే కట్టినంతా ఒక పక్క నుంచి కమీషన్ కిందే పోయినట్టు. మొదటి ఏడాదికీ ఇరవై అయిదో ఏడాదికీ మధ్య అవతలివారి పని ఏమీ పెరగలేదు, పెరిగింది మన సొమ్ము. నా అభ్యంతరం కమీషన్ ఉండటం మీద కాదు, ఇలా పని పెరగకుండా పెరిగిపోవడం మీద.

ఇక్కడే చాలామంది సగం పని చేసి ఆగిపోతారు. విషయం తెలియగానే పాత సిప్ ఆపి, డైరెక్ట్‌లో కొత్తది మొదలుపెడతారు. "పాతది అమ్మితే టాక్స్ పడుతుంది, దాన్ని కదపను" అంటారు. బావ కూడా అదే అన్నాడు. మిగిలిన 200 వాయిదాలను డైరెక్ట్‌లోకి మార్చడం వల్ల 60వ ఏటికి ఆయనకి కలిసొచ్చేది దాదాపు అయిదున్నర లక్షలు. ఇప్పటికే పోగైన 16 లక్షలను కదపకుండా రెగ్యులర్‌లో వదిలేస్తే, దాని మీద పోయేది 14 లక్షల పైనే. అంటే కొత్త కుండకి మాట్లు వేసి, పెద్ద చిల్లున్న పాత కుండని అలాగే వదిలేసినట్టు.

టాక్స్ భయాన్ని కూడా రూపాయల్లో చూడాలి. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కి స్విచ్ చేస్తే, ఒకే ఫండ్ అయినా సరే, చట్టం దృష్టిలో అది అమ్మి మళ్లీ కొన్నట్టే. ఈక్విటీ ఫండ్‌లో ఏడాది దాటిన యూనిట్ల లాభం మీద 2024 జూలై 23 నుంచి పన్ను 12.5 శాతం, ఆర్థిక సంవత్సరానికి 1,25,000 రూపాయల లాభం వరకు పన్ను లేదు. బావ లాభం 6 లక్షలు. అదంతా ఏడాది దాటిన యూనిట్లదే అనుకుని మొత్తం ఒకేసారి మారిస్తే 4,75,000 మీద పన్ను, సెస్సుతో కలిపి 61,750 రూపాయలు. సగం మార్చి నెలాఖరులో, సగం ఏప్రిల్ మొదట్లో మారిస్తే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపులు దొరికి పన్ను 45,500కి దిగుతుంది. మధ్యలో పట్టేది కొద్ది రోజులే.

పెద్ద మొత్తమే, ఒప్పుకోవాలి. 61,750 కట్టి, ఆ డబ్బు కూడా ఫండ్‌లోంచే తీసేశామనుకున్నా, మిగిలింది 12 శాతం చొప్పున 60వ ఏటికి కోటీ ఒక లక్ష దాటుతుంది. కదపకపోతే 91 లక్షలు. పైగా ఈ పన్ను ఎప్పటికీ తప్పేది కాదు, ఎప్పుడో అమ్మినప్పుడు కట్టాల్సిందే. ఇప్పుడు కడితే ముందుగా కట్టినట్టు, అంతే. అయితే రెండు మూడేళ్లలోనే ఆ డబ్బు అవసరం ఉన్నవారికి, పాతదాన్ని కదిపి పన్ను ముందుకు తెచ్చుకోవడం వల్ల దక్కేది పెద్దగా ఉండదు. వాళ్లు కొత్త వాయిదాలు మార్చుకుంటే చాలు.

చేసేటప్పుడు జాగ్రత్త పడాల్సింది చివరి ఏడాది వాయిదాల దగ్గర. సిప్‌లో ప్రతి వాయిదా విడిగా కొన్నట్టే లెక్క. ఏడాది నిండని యూనిట్ల లాభం మీద పన్ను 20 శాతం, చాలా ఈక్విటీ ఫండ్లలో త్వరగా బయటికి వస్తే కోసే ఒక శాతం ఎగ్జిట్ లోడ్ కూడా ఉంటుంది. పాత యూనిట్లే ముందు అమ్ముడవుతాయి కాబట్టి, చివరి 12 వాయిదాల యూనిట్లు మాత్రం ఉంచి మిగతావి మారిస్తే సరిపోతుంది. పన్ను ఆదా ఫండ్లయితే ఒక్కో వాయిదాకి మూడేళ్ల లాకిన్ తీరాలి. ఇంకో పొరపాటు ఏమిటంటే, కేవలం యాప్ మారిస్తే ప్లాన్ మారిపోయిందనుకోవడం. స్టేట్‌మెంట్‌లో ఫండ్ పేరు పక్కన `Direct Plan` అని కనిపించేదాకా మారనట్టే. `Regular Plan` అని, కింద డిస్ట్రిబ్యూటర్‌ని గుర్తించే `ARN` నంబరు ఉంటే కమీషన్ ఇంకా వెళుతోందని అర్థం.

బావకి పన్ను లెక్క కంటే పెద్ద ప్రశ్న వేరే ఉంది. "మార్కెట్ పడితే ఎవరిని అడగాలి?" అన్నాడు. ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. 2020లో జనవరి నుంచి మార్చి 23 నాటికి నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. అప్పుడు ఇంటికి ఫోన్ చేసి "అమ్మకండి, సిప్ ఆపకండి" అని నిలబెట్టిన డిస్ట్రిబ్యూటర్లు మన విశాఖలోనూ ఉన్నారు. అలాంటి మనిషి మీకుంటే, మీరు భయపడే రకమైతే, ఆ ఒక శాతం ఇచ్చినా నష్టం లేదు. ఆ రోజు భయంతో మొత్తం అమ్మేసుకున్నవారు పోగొట్టుకున్నది ఇంతకంటే ఎక్కువ. కానీ ఆ మార్చిలో బావకి ఎవరూ ఫోన్ చేయలేదు. ఆయన తనంతట తానే ఆపకుండా కట్టాడు. కాబట్టి ఆయన ఇస్తున్నది సలహాకి కాదు, ఎప్పుడో నింపిన ఒక ఫారానికి. సలహా కావాలంటే సెబీ దగ్గర రిజిస్టరైన, ఫీజు మాత్రమే తీసుకునే సలహాదారు దగ్గరికి రెండు మూడేళ్లకోసారి వెళ్లవచ్చు. అక్కడ ఎంత ఇస్తున్నామో ముందే తెలుస్తుంది.

అక్క అడిగింది ఇంకోటి. "ఆయనకేమైనా అయితే నేను ఈ కాగితాలు ఎక్కడికి పట్టుకెళ్లాలి?" రెగ్యులర్‌లో ఉన్నా ఆ బ్యాంకువాళ్లు చేసేది క్లెయిమ్ ఫారాన్ని, ఫండ్ ఖాతాల లెక్కలు చూసే రిజిస్ట్రార్‌కి పంపడమే. అలాంటి రిజిస్ట్రార్లయిన కామ్స్, కేఫిన్‌టెక్ సర్వీస్ సెంటర్లు రెండూ విశాఖలో ఉన్నాయి, డైరెక్ట్ ఖాతాకైనా అక్కడ తీసుకుంటారు. ముందు నామినీ ఉందో లేదో చూడమన్నాను. చూస్తే నామినీగా ఇంకా బావ వాళ్లమ్మగారి పేరే ఉంది. ఆవిడ పోయి మూడేళ్లయింది.

ఆ సాయంత్రమే నామినీగా అక్క పేరు మార్చాం. పాత సిప్ ఆపి అదే ఫండ్‌లో డైరెక్ట్ సిప్ పెట్టాం. పాత యూనిట్లలో సగానికి మార్చి 27, మిగతా సగానికి ఏప్రిల్ 3 అని అక్క గోడ క్యాలెండర్ మీద రాసింది. చివరి 12 వాయిదాలకి వచ్చే ఏడాది ఏప్రిల్ అని పక్కన చిన్నగా గుర్తు పెట్టుకుంది.