పూర్తికాని కోడ్‌ని మెయిన్‌లోనే ఉండనివ్వండి

సంక్రాంతి ముందు శుక్రవారం సాయంత్రం బెంగళూరు మడివాలలో నిలబడితే చుట్టూ తెలుగే వినిపిస్తుంది. సూట్‌కేసులు, స్వీటు డబ్బాలు, బస్సు ఎంతదాకా వచ్చిందో కనుక్కునే ఫోన్లు. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక శుక్రవారం నేను మాత్రం బెళ్లందూరులో ఆఫీసులోనే ఉండిపోయాను. ఆ బస్సులకు టికెట్లు అమ్మే ఒక యాప్‌లో రిఫండ్ లెక్కగట్టే భాగం మా టీమ్‌ది. రాత్రి ఎనిమిది కల్లా రిఫండ్లు వరసగా ఫెయిలవుతున్నాయి. ఏడున్నరకు మేం డిప్లాయ్ చేసింది పదకొండు వారాలు విడిగా పెరిగిన బ్రాంచిని. పండక్కి ముందే అది ప్రొడక్షన్‌కి వెళ్లిపోవాలని పైనుంచి మాట.

ఆ బ్రాంచిని మెయిన్‌లోకి మెర్జ్ చేయడానికి రెండు రోజులు పట్టింది. గిట్ చూపించిన కాన్‌ఫ్లిక్టులన్నీ కూర్చుని విప్పుకున్నాం. మమ్మల్ని ముంచింది వాటిలో ఒక్కటీ కాదు, గిట్ అసలు చూపించని చోటు. ఆ పదకొండు వారాల్లో మెయిన్‌లో ఇంకొకరు `fare_total()` అనే ఫంక్షన్‌ని మార్చారు. అంతకుముందు అది రూపాయల్లో జవాబిచ్చేది, ఆ తరవాత పైసల్లో ఇవ్వడం మొదలుపెట్టింది. మెయిన్‌లో దాన్ని పిలిచే చోట్లన్నీ వాళ్లు ఓపిగ్గా సరిచేశారు. మా కొత్త ఫైలు మా బ్రాంచిలో ఉంది కాబట్టి వాళ్లకు కనపడలేదు. మేమేమో ఆ జవాబును రూపాయలే అనుకుని, పేమెంట్ గేట్‌వేకి పంపేముందు పైసల కోసం మళ్లీ వందతో గుణించాం. 1,200 రూపాయల టికెట్టుకు 1,20,000 రూపాయల రిఫండ్ అడిగాం. కట్టినదానికన్నా ఎక్కువ తిరిగివ్వమంటే గేట్‌వే ఒప్పుకోదు కాబట్టి డబ్బు పోలేదు, పరువు పోయింది.

గిట్ పోల్చేది అక్షరాలను. ఇద్దరు ఒకే చోట వేర్వేరుగా రాస్తే అరుస్తుంది. ఒకరు అర్థం మార్చి, ఇంకొకరు పాత అర్థాన్నే నమ్ముకుని వేరే ఫైల్లో రాస్తే నోరెత్తదు. మా టెస్టులైనా పట్టుకోవాలి కదా అంటే, వాటిలో `fare_total()` స్థానంలో మేమే 1200 అని ఒక ఉత్తుత్తి జవాబు పెట్టుకున్నాం. అంటే మా ఊహను మా ఊహతోనే సరిచూసుకున్నాం. బ్రాంచి ఎన్నాళ్లు విడిగా ఉంటే ఇలాంటి మౌనపు తేడాలు అంత పోగవుతాయి. వాటిని లెక్కపెట్టే సాధనం మెర్జ్ రోజున ఎవరి చేతిలోనూ ఉండదు.

ఆ డిప్లాయ్‌ని వెనక్కి తీసుకోవడానికి మూడు గంటలు పట్టింది. అదే బిల్డులో ఇంకో రెండు టీముల మార్పులున్నాయి, వాటినీ వెనక్కి లాగాలంటే వాళ్లు ఒప్పుకోవాలి, వాళ్లలో ఒకాయన అప్పటికే హోసూరు దాటేశాడు.

అందుకే ఏళ్లుగా ఒకే మాట వాదిస్తున్నాను. పూర్తికాని పనిని బ్రాంచిలో దాచొద్దు. చిన్న చిన్న ముక్కలుగా రోజూ మెయిన్‌లోకే పంపండి, దాని ముందు ఫీచర్ ఫ్లాగ్ అనే ఒక స్విచ్ పెట్టి ఆపి ఉంచండి. ఇది కొత్త విద్యేం కాదు, ఫోటోల సైటు ఫ్లికర్ ఇంజనీర్లు ఇలా పనిచేస్తున్నామని 2009లోనే రాశారు. మా రిఫండ్ కోడ్‌ని రెండోసారి ఇలాగే కట్టాం. మొదటి రోజు మెయిన్‌లోకి వెళ్లింది ఇంతే:

```python
def refund_for(booking, flags):
    if flags.is_on("refund_v2", booking.user_id):
        return refund_v2(booking)
    return refund_v1(booking)
```

ఆ రోజుకు `refund_v2` లోపల దాదాపు ఏమీ లేదు. ఫ్లాగ్ ఆఫ్‌లో ఉంది. ఫ్లాగ్ సర్వీసు జవాబివ్వకపోయినా ఆఫ్ అనే అనుకునేలా రాశాం. కోడ్ ప్రొడక్షన్ సర్వర్ల మీద ఉంది, ప్రయాణికుడికి మాత్రం లేదు. డిప్లాయ్ చేయడం వేరు, రిలీజ్ చేయడం వేరు అని తెలిసేది ఇక్కడే. ఇప్పుడు ఎవరైనా `fare_total()` అర్థం మార్చాలంటే దాన్ని పిలిచేవాళ్ల కోసం వెతుకుతారు, ఆ వెతుకులాటలో మా సగం కట్టిన ఇల్లు కూడా తగులుతుంది. సరిచేయకపోతే ఫ్లాగ్ ఆన్ చేసి నడిపే టెస్టులు ఆ రోజే విరుగుతాయి. పదకొండు వారాల తరవాత శుక్రవారం రాత్రి బయటపడాల్సిన తప్పు మంగళవారం మధ్యాహ్నం బయటపడుతుంది.

అయితే నన్ను ఇందులో పూర్తిగా పడేసింది ఆ తరవాతి మెట్టు. కొత్త లెక్క ఒక రూపానికి వచ్చాక రెండు వారాలపాటు ప్రతి క్యాన్సిలేషన్‌కూ రెండు లెక్కలూ కట్టించాం. ప్రయాణికుడికి పాతదే ఇచ్చాం, రెండూ కలవనప్పుడు లాగ్‌లో ఒక వరస రాసుకున్నాం. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. కొత్త కోడ్ లెక్క మాత్రమే కట్టాలి, గేట్‌వేని తాకకూడదు, డేటాబేస్‌లో రాయకూడదు. లేకపోతే ఒకే టికెట్టుకు రెండు రిఫండ్లు పోతాయి.

తేడాలు రెండు రకాలుగా వచ్చాయి. మొదటిది పైసల తేడా. 1,199 రూపాయల టికెట్టు మీద 15 శాతం కోత అంటే 179 రూపాయల 85 పైసలు. పాత కోడ్ దాన్ని 180 చేసి 1,019 ఇస్తుంది, కొత్తది 1,019.15 ఇస్తుంది. అది తెలిసిన తేడాయే, వదిలేశాం. రెండోది కూపన్లది. 1,000 రూపాయల టికెట్టు మీద 100 రూపాయల కూపన్ వాడి 900 కట్టిన మనిషికి పాత కోడ్ పూర్తి ఛార్జీ మీద కోత వేసి 750 తిరిగిస్తోంది. కొత్తది కట్టిన డబ్బు మీదే కోత వేసి 765 అంటోంది. కొత్తదే న్యాయం అని మేమంతా అనుకున్నాం. ఆపరేటర్లతో మాట్లాడే టీమ్‌ని అడిగితే, ఒప్పందంలో కోత పూర్తి ఛార్జీ మీదే అని రాసుందని చెప్పారు. పాత కోడ్ రాసినవాళ్లకు తెలిసిన ఆ సంగతి ఏ డాక్యుమెంటులోనూ లేదు. ఒక్క ప్రయాణికుడికీ తప్పు లెక్క వెళ్లకుండా ఇది దొరికింది. బ్రాంచిలో ఎన్ని నెలలు కూర్చున్నా దొరికేది కాదు, ఎందుకంటే అక్కడికి నిజం బుకింగులు రావు.

తరవాత మా ఆఫీసువాళ్లకు, ఆపై 1 శాతానికి, 10కి, 50కి, చివరికి అందరికీ తెరిచాం. శాతం అంటే ప్రతిసారీ పాచికలు వేయడం కాదు. యూజర్ ఐడీని, ఫ్లాగ్ పేరును కలిపి హ్యాష్ చేసి, వందతో భాగిస్తే వచ్చే శేషాన్ని చూస్తాం. అప్పుడు ఒక మనిషి ఎప్పుడూ ఒకే వైపు ఉంటాడు. అది కూడా చాల్లేదు. పది నుంచి యాభైకి పెంచిన నిమిషంలోనే ఒకావిడ క్యాన్సిల్ పేజీలో పాత లెక్క చూసి, బటన్ నొక్కేసరికి కొత్త లెక్కలోకి వచ్చింది. చూపించింది ఒకటి, ఇచ్చింది ఒకటి. తేడా పదిహేను పైసలే కానీ ఫిర్యాదు నిజమైనదే. ఆ రోజు నుంచి పేజీలో లెక్క చూపించినప్పుడే ఏ వెర్షన్ వాడామో ఆ రికార్డులో రాసేస్తున్నాం, బటన్ నొక్కాక ఫ్లాగ్‌ని మళ్లీ అడగం.

ఇంకో హద్దు కూడా ఒప్పుకోవాలి. ఫ్లాగ్ ఆఫ్ చేస్తే కోడ్ వెనక్కి వెళ్తుంది, డేటా వెళ్లదు. కొత్త కోడ్ రాసిన రికార్డులను పాత కోడ్ చదవలేకపోతే ఆ స్విచ్ బొమ్మ స్విచ్చే. అందుకే ముందు కొత్త కాలమ్ చేర్చాం, కొన్నాళ్లు పాతదీ కొత్తదీ రెండింటిలోనూ రాశాం, ఫ్లాగ్ తీసేశాకే పాత కాలమ్ తొలగించాం.

వ్యతిరేకించేవాళ్ల మాట నాకు తెలుసు. కోడ్ నిండా `if`లు మిగిలిపోతాయి, పది ఫ్లాగులుంటే 1,024 కలయికలు, అన్నీ ఎవరు పరీక్షిస్తారు అంటారు. నైట్ క్యాపిటల్ సంగతి ఎత్తుతారు. నిజమే, 2012 ఆగస్టు 1న ఆ అమెరికన్ షేర్ ట్రేడింగ్ కంపెనీ 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కానీ ఎలా జరిగిందో చూడండి. 2003లోనే వాడడం మానేసిన కోడ్‌ని తీసేయకుండా ఉంచారు. దాన్ని నడిపే పాత ఫ్లాగునే కొత్త పనికి మళ్లీ వాడారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కించడం మరిచారు, ఆ ఒక్కదాని మీద ఫ్లాగ్ పాత కోడ్‌ని నిద్రలేపింది. కంగారులో మిగతా ఏడింటి మీద కొత్త కోడ్ తీసేస్తే అక్కడా పాతదే లేచింది. అది ఫ్లాగ్ పెట్టినందుకు పడిన శిక్ష కాదు, తీయనందుకు పడినది. మా దగ్గర ఫ్లాగ్ పుట్టిన రోజే దాన్ని తీసే తేదీ రాస్తాం, తేదీ దాటితే బిల్డ్ ఫెయిలవుతుంది. ఒకసారి వాడిన పేరు మళ్లీ వాడం. ఇక కలయికలంటారా, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఫ్లాగులను అన్ని రకాలుగా కలిపి చూడనక్కర్లేదు. ఇప్పుడు ప్రొడక్షన్‌లో ఉన్న అమరిక, రేపు ఆన్ చేయబోయే అమరిక, ఈ రెండింటిలోనూ టెస్టులు పచ్చగా ఉంటే చాలు.

ఇంత తెలిసీ మనవాళ్లు నెలల తరబడి బ్రాంచిల్లో ఎందుకు ఉంటారు? నా అనుమానం టూల్స్ మీద కాదు, మన చదువు మీద. ఆన్సర్ షీట్‌లో రఫ్ వర్క్ ఒక మూల చేసుకుని, చివర్లో దాని మీద అడ్డంగా గీత కొట్టే అలవాటు మనది. ఇంటర్ రెండేళ్లూ తప్పు జవాబు పక్కవాడికి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రాసినవాళ్లం. సగం అయిన పని చూపిస్తే సగం తెలిసినవాడిగా లెక్కేస్తారని భయం. పదకొండు వారాల బ్రాంచి అంటే అడ్డం పెట్టుకున్న ఆ చెయ్యే. రివ్యూకి మూడు వేల వరసలు ఒకేసారి పంపితే ఎవరూ సరిగ్గా చదవరు, అది కూడా లోపల్లోపల మనకు హాయిగానే ఉంటుంది. మా టీమ్‌లో నెల్లూరు కుర్రాడు ఒకడు మూడో వారానికి కూడా ఏమీ పంపకపోతే అడిగాను. "ఇంకా నీట్‌గా లేదన్నా" అన్నాడు. వాడిని అని ఏం లాభం, ఆ శుక్రవారం బ్రాంచిలో సగం కోడ్ నాదే.

మొన్న గుంటూరు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి మొదటి వారంలోనే నలభై వరసల మార్పు పంపింది. పైన "ఇంకా అవలేదు, ఫ్లాగ్ ఆఫ్‌లో ఉంది" అని రాసింది. ఒక టికెట్టు మీద ఐదుగురు ప్రయాణం చేస్తుంటే అందులో ఇద్దరే క్యాన్సిల్ చేసుకోవచ్చన్న సంగతి ఆమెకు తెలియదు. నెల్లూరు కుర్రాడు చూసి చెప్పాడు. మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది.