సవరణ: ఆటోమేటిక్ గేర్‌బాక్సులో గేర్ ఆయిల్ పోయకూడదు

ముందు పోస్టులోని వాక్యం: "కొన్ని మాన్యువల్ గేర్‌బాక్సులకు ఏటీఎఫ్ వాడతారు కాబట్టి, అవసరమైతే ఆటోమేటిక్‌లో గేర్ ఆయిల్ పోసినా నష్టం లేదు."

మొదటి సగం నిజమే. పలచని ద్రవానికి తగినట్టు తయారైన మాన్యువల్ గేర్‌బాక్సులకు తయారీదారులే ఏటీఎఫ్‌ను, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల కోసం చేసిన ద్రవాన్ని, సూచిస్తారు. రెండో సగాన్ని మాత్రం ఎవరూ పాటించవద్దని గట్టిగా కోరుతున్నాను.

మాన్యువల్‌లో ఆయిల్ పని ప్రధానంగా పళ్ల మధ్య పొరగా నిలిచి అరుగుదలను ఆపడం. ఆటోమేటిక్‌లో అదే ద్రవం టార్క్ కన్వర్టర్ ద్వారా ఇంజిన్ శక్తిని చేరవేస్తుంది, వాల్వ్ బాడీలోని సన్నని దారుల గుండా పీడనాన్ని పంపి క్లచ్‌లను బిగిస్తుంది, ఆ క్లచ్ పలకలు ఎంత పట్టుతో, ఎంత మెత్తగా కలుసుకోవాలో కూడా తనలోని రసాయనాలతో నిర్ణయిస్తుంది. 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ చిక్కదనం కనీసం 13.5 సెంటీస్టోక్స్ ఉంటే, ఏటీఎఫ్‌ది సాధారణంగా 5 నుంచి 7.5 మధ్య ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు తేడా ఇంకా పెద్దది.

అందుకే పొరపాటున గేర్ ఆయిల్ పోసిన బండిలో, డి లోకి మార్చాక కదలడానికి ఆలస్యమవుతుంది, ఇంజిన్ వేగం పెరిగినా బండి వేగం పెరగదు, ఆ జారుడు వేడికి క్లచ్ పలకలు కాలిపోతాయి. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే గుర్తిస్తే గేర్‌బాక్సు అడుగున ఉండే ఆయిల్ పాన్ దించి ఖాళీ చేయడంతో చాలావరకు బయటపడవచ్చు. ఒక్కసారి స్టార్ట్ చేస్తే పంపు దాన్ని కన్వర్టర్‌లోకి, కూలర్‌లోకి తోస్తుంది. అప్పుడు డ్రెయిన్ బోల్టు విప్పినా కొంత భాగమే బయటికి వస్తుంది కాబట్టి, బండిని నడపకుండా వర్క్‌షాపుకు లాగించి మొత్తం ఫ్లష్ చేయించి, ఫిల్టర్ మార్పించాలి.