మా తోడల్లుడి పది సినిమాల కుట్ర

చూడాల్సిన సినిమాల జాబితాలోంచి నిజంగానే సినిమాలు తీసి చూసేస్తే ఎలా? ఈ మాత్రం ఇంగితం మా తోడల్లుడికి లేదు. అతని వాచ్‌లిస్ట్‌లో ఎప్పుడు చూసినా పదికి మించి ఉండవు. వచ్చే నెల చూస్తే ఆ పదీ ఉండవు, వేరే పది ఉంటాయి. పరువుగల కుటుంబంలో ఇలాంటివి బయటికి చెప్పుకోలేం.

మా జాబితా అలా కాదు. నాలుగు యాప్‌లలో కలిపి మూడు వందల పైచిలుకు. ఇరానీ సినిమాలున్నాయి, రెండో ప్రపంచ యుద్ధం మీద డాక్యుమెంటరీలున్నాయి, పేరు కూడా పలకలేని పోలిష్ దర్శకులున్నారు. శనివారం రాత్రి మాత్రం డైలాగులతో సహా కంఠతా వచ్చిన పాత కామెడీయే పెట్టుకుంటాం. తప్పేముంది? జాబితా రేపటి మనకోసం, రిమోట్ ఈరోజు మనకోసం.

దీనికి శాస్త్రం మద్దతు కూడా ఉంది. 1999లో డేనియల్ రీడ్, జార్జ్ లోవెన్‌స్టైన్, శోభనా కళ్యాణరామన్ అనే పరిశోధకులు కొందరికి సినిమాలు ఎంచుకోమని ఇచ్చి చూశారు. ఈరోజే చూడాలంటే సరదా సినిమాల వైపు, తర్వాతి రోజులకైతే గంభీరమైన వాటి వైపు మొగ్గు కనిపించింది. పదేళ్లకు ఆస్ట్రేలియాలో ఆన్‌లైన్‌లో డీవీడీలు అద్దెకిచ్చే ఓ సంస్థ లెక్కలు పరిశీలిస్తే, ‘చూడాలి’ అనుకుని తెప్పించుకున్నవి ‘చూడాలనిపించి’ తెప్పించుకున్న వాటికంటే ఎక్కువ రోజులు జనం ఇళ్లలోనే ఉండిపోయాయని తేలింది. కాబట్టి నాది బద్ధకం కాదు, మానవ నైజం.

తోడల్లుడు ఇవేవీ వినడు, లెక్క తీస్తాడు. మూడు వందల సినిమాలు, సగటున రెండున్నర గంటలు, అంటే 750 గంటలట. ఆదివారానికొకటి చొప్పున ఏడాదికి 52 చూసినా దాదాపు ఆరేళ్లు. అదీ కొత్తవేవీ కలపకపోతే. వారానికి రెండు కలుపుతూ ఒకటే చూస్తుంటే ఏటా ఇంకో 52 మిగిలిపోతాయి. ప్లస్ గుర్తు నొక్కడానికి క్షణం, చూడ్డానికి రెండున్నర గంటలు కదా, ఏ జాబితా అయినా పెరక్కుండా ఎలా ఉంటుందని అడుగుతాడు. శుభమా అని సినిమాల గురించి మాట్లాడుకుంటుంటే మధ్యలో ఎక్కాలు!

అతని పద్ధతి ఇంకా ఘోరం. యాప్‌లలో ఉన్న జాబితాలను నమ్మడు, ఒకదానిలో ఉన్నది ఇంకోదానికి తెలియదు కాబట్టి. ఫోన్‌లో ఒకే ఒక నోట్ పెట్టుకున్నాడు. ప్రతి పేరు పక్కనా ఎవరు చెప్పారు, ఎంత నిడివి, ఎవరితో ఎప్పుడు చూడొచ్చు అని రాస్తాడు. ‘పెద్దమ్మాయి చెప్పింది, గంటా నలభై నిమిషాలు, అత్తయ్యగారు ఉన్నప్పుడు వద్దు’ లాంటివన్న మాట. గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు టీవీ ముందు కూర్చుంటే, నోట్ తీసి రెండు గంటల లోపు ఉన్నవాటిలోంచి ఒకటి పెట్టేస్తాడు. అదే సమయంలో మేం పోస్టర్లు జరుపుతూ నలభై నిమిషాలు హాయిగా గడిపి, ఆవలింతలతో పడుకుంటాం.

పదకొండోది వస్తే పదింట్లో ఒకటి వెళ్లాలి. ఆ మధ్య ఆఫీసులో ఎవరో కొరియన్ సీరియల్ చూడమన్నారట, పదహారు ఎపిసోడ్‌లు, ఒక్కోటి గంట. అంటే ఆరు సినిమాల పెట్టు. మొత్తం సీరియల్‌కి చోటివ్వలేదు, ‘మొదటి ఎపిసోడ్’ అని మాత్రం రాసుకున్నాడు. దానికోసం ఓ అవార్డు సినిమాను తీసేశాడు. అదెవరు చెప్పారో రాసుకున్నాడు కానీ, ఎందుకు చూడాలనుకున్నాడో గుర్తు రాలేదట, అదీ దాని నేరం! ఎపిసోడ్ చూశాడు, ఆ వారంలోగా రెండోది చూడాలనిపించలేదు, దాన్నీ తీసేశాడు. రెండు నెలలు కదలకుండా ఉన్న దేనికైనా ఇదే శిక్ష.

“మరి మంచి సినిమా చేజారిపోదూ?” అని నిలదీశాను.

“మంచిదైతే ఇంకెవరో మళ్లీ చెప్తారన్నయ్యా. అప్పుడు రాసుకుంటాను” అన్నాడు.

అంత అన్యాయంగా మాట్లాడేవాడితో వాదనేంటి? అయినా ఒక్క లోపం పట్టాను. తీసేసినవాటి పేర్లు ‘ఎప్పుడైనా’ అని ఇంకో నోట్‌లో దాస్తున్నాడు! అందులో ఎన్నున్నాయని ఆశగా అడిగితే, తెలీదు, ఎప్పుడూ తెరవలేదన్నాడు. ఉన్న నిధిని లెక్కపెట్టుకోనివాడూ ఒక మనిషేనా?

ఇప్పుడు మా ఆవిడ అతన్ని ఆదివారం భోజనానికి పిలిచింది, మా జాబితా కూడా ‘ఓసారి చూడమని’. గోంగూర మటన్ వండుతోంది, పర్లేదు. కానీ నాలుగు యాప్‌ల పాస్‌వర్డ్‌లూ శుక్రవారమే మార్చేస్తున్నాను.