రెండు వేల చలాన్‌తో అయిపోదు

“బండి ఇన్సూరెన్స్ అయిపోయినా 90 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. పోలీసులు పట్టుకుంటే 2000 చలాన్ కట్టేస్తే సరి. ఒకవేళ యాక్సిడెంట్ అయినా అవతలి వాళ్లకు గవర్నమెంట్ ఫండ్ నుంచి ఇస్తారు, మన జేబులోంచి పోదు. అందరికీ ఫార్వర్డ్ చేయండి.”

లాయర్ ఆఫీసులో మోటారు ప్రమాదాల ఓపీలు, అంటే పరిహారం కోరుతూ వేసే పిటిషన్లు, టైపు చేసే పని నాది. ఈ మెసేజ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి రెండుసార్లు వచ్చింది. అందులో ప్రతి వాక్యానికీ ఎక్కడో ఒక నిజం ముక్క తగిలి ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు.

ముందు ఆ 90 రోజుల సంగతి. అది నో క్లెయిమ్ బోనస్‌కి సంబంధించిన గడువు. పాలసీ ముగిసిన 90 రోజుల్లోపు రెన్యూ చేస్తే, ఏళ్ల తరబడి క్లెయిమ్ చేయనందుకు వచ్చిన డిస్కౌంటు పోకుండా ఉంటుంది. అంతే. ఆ మధ్య రోజుల్లో బండికి ఏ రక్షణా ఉండదు. పాలసీ కాగితం మీద ఫలానా తేదీ అర్ధరాత్రి వరకు అని ఉంటే, అర్ధరాత్రి దాటిన మరు నిమిషం నుంచి ఆ బండి ఇన్సూరెన్స్ లేని బండే.

“ఏదైనా జరిగితే అప్పటికప్పుడు ఫోన్లో తీసుకుందాం” అనేవాళ్లూ ఉన్నారు. సునీతా రథీ కేసు సరిగ్గా ఇదే. ప్రమాదం మధ్యాహ్నం 2:20కి జరిగింది, అదే రోజు 2:55కి పాలసీ తీసుకున్నారు. కంపెనీ ఆ టైము కూడా కాగితం మీద వేసింది. 35 నిమిషాల తేడా. 1997లో సుప్రీంకోర్టు కంపెనీకి బాధ్యత లేదని చెప్పింది, భారమంతా ఓనరు మీద పడింది.

చలాన్ విషయానికొస్తే, 2000 అంకె తప్పు కాదు. మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ కింద మొదటిసారికి 2000, మళ్లీ దొరికితే 4000. మెసేజ్ రాసినాయన వదిలేసిన ముక్క ఏమిటంటే, మూడు నెలల వరకు జైలు గానీ, ఆ జరిమానా గానీ, రెండూ గానీ అని ఉంది. నడిపినవాడికే కాదు, తెలిసి నడపనిచ్చిన ఓనరుకి కూడా. మామూలు తనిఖీలో దొరికినవాళ్లు ఎక్కువగా డబ్బు కట్టే బయటపడతారు, ఒప్పుకుంటాను. కానీ ఆ చలాన్ ఇన్సూరెన్స్ లేకుండా నడిపిన నేరానికి మాత్రమే. ప్రమాదానికి దానితో సంబంధం లేదు. మనిషి చనిపోతే నిర్లక్ష్యంగా మరణానికి కారణమైనందుకు భారతీయ న్యాయ సంహిత 106 కింద క్రిమినల్ కేసు వేరే నడుస్తుంది, ఐదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. పరిహారం కేసు ఇంకో కోర్టులో, ఇంకో నంబరుతో.

బండి కూడా వెంటనే చేతికి రాదు. ఇన్సూరెన్స్ లేని బండి వల్ల మనిషికి దెబ్బ తగిలినా, చనిపోయినా, ఓనరు తగినంత సెక్యూరిటీ చూపితేనే విడుదల చేయాలని, లేదంటే వేలం వేసి ఆ డబ్బు పరిహారం కేసు నడిచే ట్రిబ్యునల్‌లో జమ చేయాలని ఢిల్లీలో నిబంధన ఉండేది. అలాంటిదే పెట్టుకోమని 2018లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

ఇక గవర్నమెంట్ ఫండ్. ఉంది, కానీ గుద్ది పారిపోయిన బండి ఏదో తేలనప్పుడు. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. మీ నంబర్ ప్లేటు దొరికిందంటే అది మీ కేసు కాదు. 2025లో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం వేరు. అందులో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా ఆసుపత్రి ఖర్చు భరిస్తారు. అది గాయపడినవాళ్ల ప్రాణం కోసం పెట్టింది, మీ బాకీ తీర్చడానికి కాదు.

మరి ఆ బాకీ ఎంత? ఒక లెక్క వేసి చూపిస్తాను. చనిపోయినాయన వయసు 32, నెలకు 15 వేలు సంపాదించే మెకానిక్ అనుకోండి. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. భవిష్యత్తులో సంపాదన పెరిగేది కదా అని 40 శాతం కలుపుతారు, 21 వేలవుతుంది. ఆయన సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకి గుణకం 16, అంటే 30,24,000. భార్యకు, పిల్లలకు, తల్లికి తోడు పోయినందుకు ఇచ్చేవి, అంత్యక్రియల ఖర్చు కలిపితే ఇంకో రెండు లక్షలు. మొత్తం 32 లక్షలు దాటుతుంది. దీని మీద కేసు వేసిన రోజు నుంచి వడ్డీ. 7.5 శాతం వేసినా ఏడాదికి 2 లక్షల 40 వేలు, కేసు మూడేళ్లు సాగితే 39 లక్షలు. ఇది సరళా వర్మ, ప్రణయ్ సేఠీ కేసుల్లో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతే, ట్రిబ్యునళ్లు రోజూ వేసే లెక్క.

మేం ఓపీ టైపు చేసేటప్పుడు ప్రతివాదుల కింద మామూలుగా మూడు పేర్లుంటాయి: డ్రైవరు, ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ. పాలసీ లేని కేసులో మూడో పేరు ఉండదు. ఒకసారి ఒక ఓనరు ఆర్సీ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా బల్ల ముందు కూర్చుని, “కంపెనీ ముందు కట్టేసి తర్వాత మా దగ్గర వసూలు చేసుకుంటుందంట కదా సార్” అని అడిగాడు. పాలసీ అమల్లో ఉండి, లైసెన్స్ లాంటి షరతు తప్పినప్పుడు కోర్టులు అలా చెప్పడం ఉంది. పాలసీయే లేనప్పుడు ముందు కట్టడానికి ఎవరూ లేరు. ఆయన కవర్ని మడతపెడుతూ చాలాసేపు మాట్లాడలేదు.

అవార్డు, అంటే ట్రిబ్యునల్ పరిహారం తీర్పు, వచ్చాక కట్టకపోతే మోటారు వాహనాల చట్టంలోనే 174వ సెక్షన్ ఉంది. ట్రిబ్యునల్ కలెక్టరుకి సర్టిఫికెట్ పంపితే భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. మన వైపు జనం ఆర్ఆర్ యాక్ట్ అనేది ఇదే, పొలమో ఇల్లో జప్తు చేసే దాకా వెళ్తుంది. ఓనరు చనిపోయినా కేసు పోదు, ఆయన వదిలి వెళ్లిన ఆస్తి మీదకి వస్తుంది.

మెసేజ్‌లో లేదు కానీ చెప్పాల్సింది ఇంకొకటి. బండి అమ్మేశాం కదా అనుకునేవాళ్లు. ఆర్టీఏ రికార్డులో పేరు ఎవరిదుంటే వాళ్లే ఓనరని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ బండి ముగ్గురు నలుగురి చేతులు మారింది, అయినా బాధ్యత ఆర్సీలో ఉన్నాయన మీదే నిలిచింది.

125 సీసీ బండికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 2022 రేటు ప్రకారం 714 రూపాయలు, జీఎస్టీ అదనం. అవతలి మనిషి ప్రాణానికి ఆ పాలసీ కింద పరిమితి లేదు, 39 లక్షలైనా కంపెనీయే కట్టాలి. 2018 సెప్టెంబరు నుంచి కొన్న కొత్త బైకులకు థర్డ్ పార్టీ ఐదేళ్లకు ఒకేసారి ఇచ్చారు, సొంత బండి డ్యామేజీకి మాత్రం చాలామందికి ఏడాదికే. అందుకే “ఎక్స్‌పైర్ అయింది” అని ఎస్సెమ్మెస్ రాగానే ఏది అయిపోయిందో చూసుకోవాలి. డ్యామేజీ కవర్ మాత్రమే పోతే 196 కింద తప్పు లేదు. 2019 డిసెంబరులో కొన్న బైకు అయితే థర్డ్ పార్టీ కూడా 2024 డిసెంబరులోనే ముగిసి ఉంటుంది. పాలసీలో ఆ రెండు తేదీలూ వేర్వేరు గడుల్లో ఉంటాయి, కాగితం దొరక్కపోతే mParivahanలో బండి నంబరు కొట్టి చూడొచ్చు.