హామీ తెలుగులో, షరతులు ఇంగ్లీషులో

ముహూర్తాలు దగ్గరపడితే గోదావరి జిల్లాల కూడళ్లలో చీరల షాపుల ఫ్లెక్సీల పక్కన ఇప్పుడు మెడల ఫ్లెక్సీలూ వెలుస్తున్నాయి. 'మూడు సిట్టింగుల్లో బిగుతైన మెడ, గ్యారంటీ' అని మైలు దూరానికి కనిపించే తెలుగు అక్షరాలు. అలాంటి బోర్డును నమ్మి డబ్బు కట్టిన ఆత్రేయపురం వైపు మహిళ ఒకరు గత వారం మా కార్యాలయానికి వచ్చారు. ఆమె చేతిలో తాను సంతకం చేసిన రెండు పేజీల కాగితం ఉంది. అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. చర్మం వదులుగా ఉన్నవారికి ఈ ఇంజెక్షన్ వల్ల అది ఇంకా వేలాడవచ్చని, నవ్వు వంకరపోవచ్చని ఆ కాగితంలోనే రాసి ఉంది. ఆమెకు చదివి వినిపించింది మేమే. అప్పటికి రెండు సిట్టింగులు అయిపోయాయి.

ఆమెకు 51 ఏళ్లు. షుగర్ బయటపడ్డాక పట్టుదలగా పది నెలల్లో 16 కిలోలు తగ్గారు. ఒంటికి మేలే జరిగింది, కానీ గడ్డం కింద చర్మం గంగడోలులా జారింది. మాఘంలో కూతురి పెళ్లి. ఆ బోర్డు పెట్టిన బ్యూటీ సెంటర్‌లో కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్‌తో రెండు ఫొటోలు తీశారు. 'కొవ్వు కరిగించే సూది' ప్యాకేజీ అరవై వేలన్నారు. ఆమె మెడను ఎవరూ వేళ్లతో పట్టి చూడలేదు. మొదటి సూది తర్వాత వాపు వచ్చింది. ఆ వాపుకు చర్మం నిండుగా, బిగుతుగా కనబడితే పని చేసిందనే అనుకున్నారు. పది రోజులకు వాపు దిగింది, చర్మం మునుపటికంటే కిందికి జారింది. రెండోసారి తర్వాత నవ్వితే కింది పెదవి ఒకవైపు కదలడం మానేసింది.

ఇది దురదృష్టం కాదు. ముందే తెలియాల్సిన సంగతి. మెడ వదులైందంటే దాని వెనక నాలుగు వేర్వేరు కారణాలు ఉండవచ్చు: సాగిన చర్మం, పేరుకున్న కొవ్వు, చర్మం కిందే పలుచని పొరలా ఛాతీ పైభాగం నుంచి దవడ దాకా పాకే ప్లాటిస్మా అనే కండరం, పుట్టుకతో చిన్నదైన గడ్డం ఎముక. ఏది కారణమో తెలుసుకోవడం రెండు నిమిషాల పని. గడ్డం కింద రెండు వేళ్లతో పట్టి చూస్తే చేతికి మందంగా, మెత్తగా దొరికితే కొవ్వు. పలుచని గుడ్డ మడతలా దొరికితే చర్మం. పళ్లు బిగించి పెదవి కొసలను కిందికి లాగినప్పుడు మెడ మీద నిలువుగా తాళ్లు లేస్తే కండరం. పక్కనుంచి చూసినప్పుడు గడ్డమే వెనక్కి ఉంటే ఎముక. 16 కిలోలు తగ్గిన మనిషి మెడలో కొవ్వు ఎంత మిగిలి ఉంటుందో కనీసం ఆ సూది పట్టినవారికైనా తట్టాలి కదా!

ఆ సూదిలో ఉండేది డియాక్సీకోలిక్ ఆమ్లం. మనం తిన్న కొవ్వును అరిగించడానికి పిత్తరసంలో ఉండే పదార్థమే అది. కొవ్వు కణం గోడను పగలగొడుతుంది. గడ్డం కింద కొవ్వు కోసం 2015లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. అది కొవ్వుకే గాని చర్మానికి కాదు. దిండులో దూది తీసేస్తే గలీబు బిగుస్తుందా? చర్మం బాగా వదులుగా ఉన్నవారికి, కండరం తాళ్లు పైకి తేలినవారికి దీన్ని వాడే ముందు ఆగి ఆలోచించమని ఆ మందు తయారీదారులే తమ సూచనల్లో రాశారు. దవడ అంచు వెంట కింది పెదవికి వెళ్లే సన్నని నరం ఒకటి ఉంది. మందు దానికి తగిలితే నవ్వు వంకరవుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి నెలలు పడుతుంది. పెళ్లి ఫొటోలు అంతకాలం ఆగవు. ఈ సంగతులన్నీ కాగితంలో ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్నాయి. 'గ్యారంటీ' మాత్రం తెలుగులో ఉంది.

వయసొచ్చినవాళ్లకు అందంగా కనబడాలనే కోరిక ఉంటే తప్పేమిటి, వాళ్ల డబ్బు వాళ్లిష్టం అని సెంటర్లవాళ్లు అంటున్నారు. కోరికను మేం తప్పుపట్టడం లేదు. తెలిసి పెట్టే డబ్బు వేరు, తెలియనివ్వకుండా రాబట్టే డబ్బు వేరు.

ఇంతకీ మెడకు నిజంగా ఏం చేయవచ్చు? అది కూడా తెలుగులోనే చెబుదాం.

ముందు క్రీముల సంగతి. చాలామంది ముఖానికి రాసి దవడ దగ్గరే ఆపేస్తారు. మెడ చర్మం ముఖం కంటే పలుచన, నూనె గ్రంథులూ తక్కువ. నాట్లలో వంగినా, చెరువు గట్టు మీద నిలబడినా, బండి మీద వెళ్లినా ఎండ పడేది దాని మీదే. గడ్డం నీడ పడే చోట చర్మం నునుపుగా ఉండి, చుట్టూ ఎర్రగా మచ్చలుగా మారిందంటే అది వయసు పని కన్నా ఎండ పని ఎక్కువ. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో 903 మంది మీద నాలుగున్నరేళ్లు చేసిన పరిశోధన 2013లో వెలువడింది. రోజూ సన్‌స్క్రీన్ రాసినవారి చేతుల వెనక చర్మం, ఇష్టమొచ్చినప్పుడు రాసినవారికంటే 24 శాతం తక్కువగా ముదిరింది. అంటే ఇకపై జరిగే నష్టాన్ని సన్‌స్క్రీన్ తగ్గిస్తుంది. జారిన చర్మాన్ని ఎత్తదు.

ట్రెటినోయిన్ అనే పూతమందు సన్నని గీతలను కొంత తగ్గిస్తుంది. శనగగింజంత తీసుకుని, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి, కనీసం నాలుగైదు నెలలు ఓపిక పట్టాలి. మెడ మీద మంట, పొట్టు లేవడం ముఖం మీదకంటే ఎక్కువ. గర్భిణులు వాడకూడదు. మాయిశ్చరైజర్ గీతలను కొన్ని గంటలు నింపి చూపిస్తుంది, అంతే. కొలాజెన్ క్రీము అని వేల రూపాయలకు అమ్ముతున్న సీసాలో కొలాజెన్ ఉన్నా, ఆ అణువు చర్మం దాటి లోపలికి పోలేనంత పెద్దది. ఇక మెడికల్ షాపులో చీటీ లేకుండా చేతిలో పెట్టే 'మెరుపు' క్రీములు చాలా ప్రమాదం. పెట్టె మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ లాంటి పేరు కనబడితే అది స్టెరాయిడ్. తొలి వారాల్లో తెల్లబరుస్తుంది, తర్వాత చర్మాన్ని కాగితంలా పలుచన చేస్తుంది. వదులైన మెడకు అంతకు మించిన ద్రోహం లేదు. మెడ చుట్టూ నల్లగా, మఖమల్‌లా మందంగా ఉన్నవారు క్రీము కొనే ముందు షుగర్ పరీక్ష చేయించుకోవాలి. అది మురికీ కాదు, ముసలితనమూ కాదు.

కూర్చునే తీరు గురించీ బోలెడు అమ్మకం సాగుతోంది. తల ముందుకు వాల్చి ఫోన్ చూస్తే మెడ పొట్టిగా, మడతలు లోతుగా కనబడతాయి. నిటారుగా కూర్చుంటే ఆ క్షణానికే తేడా తెలుస్తుంది. మెడ నొప్పికీ మంచిదే. కానీ పడిపోయిన గీతను అది చెరపదు, సాగిన చర్మాన్ని ముడవదు. దవడ బిగించి సాగదీసే వ్యాయామాలు ప్లాటిస్మాకు బలమిస్తే నిలువు తాళ్లు ఇంకా తేలే అవకాశమే ఉంది. ఇక అడ్డగీతలకైతే వయసుతో పనే లేదు. పసిపిల్లల మెడ మీదా ఉంటాయి. మన కవులు శంఖానికున్నట్టు మూడు గీతలున్న మెడను కంబుకంఠం అని పొగిడారు. ఆ గీతలనే రోగమని ఇరవై రెండేళ్ల పెళ్లికూతురికి చెప్పి సూదికి కూర్చోబెడుతున్నారంటే మాకు కోపం రాక ఏమవుతుంది?

చికిత్సల్లో కొన్ని పనిచేస్తాయి, హద్దుల్లో. నిలువు తాళ్లకు కండరాన్ని సడలించే బొటులినం ఇంజెక్షన్ మూడు నాలుగు నెలలు ఉపశమనమిస్తుంది. మోతాదు మించితే, లోతు తప్పితే మింగడం కష్టమవుతుంది. అల్ట్రాసౌండ్, రేడియో తరంగాల యంత్రాలు కొద్దిపాటి వదులును కొద్దిగా బిగిస్తాయి. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, కాబట్టి పెళ్లికి వారం ముందు అమ్మేది యంత్రం కాదు, ఆశ. లేజర్లతో మన చామనఛాయ చర్మానికి నల్లమచ్చలు పడే ముప్పుంది. ముఖంతో పోలిస్తే మెడ కాలితే మానడమూ ఆలస్యమే. దారాలతో ఎత్తే పద్ధతి నిలిచేది నెలల్లోనే లెక్క. వేలాడే చర్మాన్ని నిజంగా తీసేది కత్తి ఒక్కటే. చెవుల చుట్టూ కోత, తర్వాత మచ్చ, రెండు వారాల కమిలిన గాయం, తొలిరోజు చర్మం కింద రక్తం చేరి గడ్డకట్టే ప్రమాదం అన్నీ దానితోపాటే. దానికి మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, ప్లాస్టిక్ సర్జన్ కావాలి. బ్యూటీపార్లర్ వెనక గది చాలదు.

మా దగ్గరికి వచ్చిన మహిళకు సెంటర్‌లో చెప్పాల్సింది మూడే మాటలు. మీ సమస్య కొవ్వు కాదు. పెళ్లిలోపు ఏ సూదీ దీన్ని బిగించదు. బరువు నిలకడగా ఉందో లేదో కొన్ని నెలలు చూసి, అప్పటికీ బాధనిపిస్తే సర్జన్‌ను అడగండి. ఈ మాటలకు అరవై వేలు రావు గనుక ఎవరూ చెప్పలేదు. కాకినాడ జీజీహెచ్ చర్మవ్యాధుల ఓపీలో చీటీ రాయించుకుని కూర్చున్నా ఈ మాటలు వినేవారు.

వైద్యులు ప్రకటనలతో రోగులను పిలవకూడదని 2002 నాటి వైద్య నీతి నిబంధనలు చెబుతున్నాయి. ప్రైవేటు వైద్య కేంద్రాలన్నీ రిజిస్టర్ కావాలని అదే ఏడాది మన రాష్ట్రంలో చట్టమూ వచ్చింది. సూది వేసే ప్రతి గది వైద్య కేంద్రమే. జిల్లా వైద్యాధికారులు ఆ ఫ్లెక్సీల కిందుగానే రోజూ కారులో వెళ్తున్నారు. ఆ గదుల్లో సిరంజీ పట్టేది ఎవరో, సీసా మీద మందు పేరేమిటో ఎన్నింటిలో తనిఖీ చేశారు? తమ పట్టా గోడకు తగిలించి, నెలకోసారి సంతకం పెట్టి వెళ్లే డాక్టర్లకు ఆ గదిలో ఏం జరుగుతోందో తెలియదంటే మేం నమ్మం.

బోర్డు రాసే పెయింటరుకు తెలుగు వచ్చు. ఫోన్లో బేరమాడే రిసెప్షనిస్టుకు వచ్చు. డబ్బు లెక్కపెట్టేవారికీ వచ్చు. ఈ మందు దేనికి పనిచేస్తుంది, దేనికి పనిచేయదు, ఎన్నాళ్లుంటుంది, వికటిస్తే ఏమవుతుంది? ఈ నాలుగు వాక్యాలు రాయాల్సి వచ్చేసరికే ఆ తెలుగు ఎక్కడికి పోయిందో ఆ సెంటర్ల యజమానులు చెప్పాలి. అంతవరకు ఆ కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవడం ఆపాలి.