అవసరమైనది అంటే ఏమిటండీ?

మా పెద్దనాన్నగారి ఆసుపత్రి బిల్లు క్లెయిమ్ గురించి బీమా కంపెనీ నుంచి తెలుగులో మెయిల్ వచ్చింది: "పత్రాలు అసంపూర్ణం. దయచేసి అవసరమైనది చేసి తిరిగి రాగలరు." ఆయన నిజంగానే బస్సెక్కి వాళ్ల ఆఫీసుకి వెళ్లారు. డెబ్బై ఏళ్ల మనిషి, మండుటెండలో! తీరా వెళ్తే, వాళ్లకి కావలసింది డిశ్చార్జ్ సమ్మరీ, క్యాన్సిల్ చేసిన చెక్కు. ఫొటో తీసి పంపితే సరిపోయేదట.

ఆ మెయిల్లోది 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్' అనే ఆఫీసు ఇంగ్లీషుకి మక్కీకి మక్కీ తెలుగు. 'కైండ్లీ రివర్ట్' అంటే జవాబివ్వమని మన దేశంలో ఆఫీసు వాళ్లందరికీ తెలుసు. కానీ ఆ మాటకి అసలు అర్థం పూర్వస్థితికి మళ్లడం. దాన్నే తెలుగు చేస్తే మనిషిని వెనక్కి రమ్మన్నట్టే ఉంటుంది. 'డూ ద నీడ్‌ఫుల్' ఇంకా ఘోరం. పై అధికారి గుమాస్తాకి రాస్తే "తగు చర్య తీసుకోగలరు" అంటే చాలు, ఏం చేయాలో ఫైల్లోనే ఉంటుంది. పెద్దనాన్న దగ్గర ఏ ఫైలుంది? "డిశ్చార్జ్ సమ్మరీ, క్యాన్సిల్ చేసిన చెక్కు 20వ తేదీలోగా ఈ మెయిల్‌కే పంపండి" అని రాయాలి కదా! రెండు కాగితాల పేర్లు చెప్పడానికి అంత బద్ధకమా?