చందా ఇండియాలో, సినిమా ఇండియాకే: ఓటీటీ సరిహద్దుల మీద చట్టం ఎందుకు లేదు?

డాలస్‌లో కూతురి కాన్పు కోసం ఆరు నెలలకు బయల్దేరిన విజయవాడ అమ్మమ్మను తీసుకోండి. ఏడాది చందా రూపాయల్లో ముందే కట్టారు. కొడుకు ట్యాబ్‌లో పది సినిమాలు డౌన్‌లోడ్ చేసిచ్చాడు. విమానంలో అన్నీ చక్కగా ఆడాయి. డాలస్‌లో ఇంటి వైఫై కలిపాక వాటిలో కొన్ని తెరుచుకోవడం మానేశాయి. ఆవిడ ట్యాబ్ పాడైందనుకుంటారు. పాడైంది ట్యాబ్ కాదు.

డౌన్‌లోడ్ అంటే సినిమా మన చేతికి వచ్చేసిందని అనుకుంటాం. నిజానికి వచ్చేది తాళం వేసిన ఫైలు, దాంతోపాటు గడువున్న ఒక డిజిటల్ తాళంచెవి. కొన్ని సినిమాలకు ప్లే నొక్కిన క్షణం నుంచి 48 గంటలే గడువు. యాప్ నెట్‌కి కలిసినప్పుడల్లా ఏ దేశంలో ఉన్నామో ఐపీ అడ్రస్‌ను బట్టి చూసుకుంటుంది. ఆ దేశంలో ఆ సినిమా హక్కులు ఆ కంపెనీకి లేకపోతే, దిగిన ఫైలుకి కూడా తాళం పడొచ్చు. అందుకే తెలిసినవాళ్లు ఆ సినిమాలు చూడటం అయ్యేదాకా ట్యాబ్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచుతారు.

చందా మాత్రం ఇండియాదే, బిల్లూ రూపాయల్లోనే. నెట్‌ఫ్లిక్స్‌లో మనం ఏ దేశంలో ఉంటే ఆ దేశపు జాబితా కనిపిస్తుంది. కొన్ని దేశీయ యాప్‌ల ఇండియా ప్లాన్ అయితే సరిహద్దు దాటాక పనే చేయదు. ఇందులో ఓ తమాషా ఉంది. మన సిమ్‌తో ఇంటర్నేషనల్ రోమింగ్ డేటా వాడితే, ఆ ట్రాఫిక్ సాధారణంగా ఇండియాలోని మన ఆపరేటర్ గేట్‌వే మీదుగానే నెట్‌లోకి వెళ్తుంది. కాబట్టి అదే సోఫాలో, అదే ఫోన్‌లో రోమింగ్ మీద ఆడే సినిమా వైఫైకి మారగానే ఆగిపోవచ్చు. మనిషి కదల్లేదు, చందా మారలేదు. ఇక ఆ కంపెనీ కొలుస్తున్నది దేన్ని?

యూరోపియన్ యూనియన్ ఈ చిక్కుముడిని ఎప్పుడో విప్పింది. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ అమలవుతున్న పోర్టబిలిటీ నిబంధన ప్రకారం, జర్మనీలో డబ్బు కట్టిన చందాదారు స్పెయిన్‌కి తాత్కాలికంగా వెళ్తే, ఇంట్లో దొరికే జాబితానే అదనపు రుసుము లేకుండా అక్కడా ఇవ్వాలి. నన్ను ఆకట్టుకున్నది దాని న్యాయ సూత్రం. ఆ ప్రయాణికుడు స్పెయిన్‌లో కూర్చుని చూసినా, చట్టం దృష్టిలో జర్మనీలో చూసినట్టే లెక్క! దాంతో స్పెయిన్ హక్కులు మళ్లీ కొనక్కర్లేదు, అక్కడి హక్కుదారు వ్యాపారానికీ గండి పడదు. దీనికి అడ్డొచ్చే ఒప్పంద నిబంధనలు చెల్లవు. చందాదారు ఏ దేశవాసో చందా తీసుకునేటప్పుడు, పొడిగించేటప్పుడు బ్యాంకు వివరాలతోనో గుర్తింపు కార్డుతోనో సరిచూసుకుంటే చాలు.

ఇండియా ధరలు తక్కువ కాబట్టి ఎన్నారైలంతా నాన్న ఖాతా మీద చూసేస్తారని కంపెనీలు అంటాయి. ఆ భయంలో కొంత నిజముంది. ఏడాదికి ఆరు నెలలని పరిమితి పెట్టండి, సరిపోతుంది. హాలీవుడ్ హక్కుల్ని మన చట్టం అమెరికాలో శాసించలేదన్న మాటా ఒప్పుకుంటాను. కానీ తెలుగు సినిమా సంగతి వేరు. నిర్మాత హైదరాబాద్‌లోనే ఉంటాడు, ఇండియా హక్కులూ విదేశీ హక్కులూ అమ్మేది ఆయనే. ఆ ఒప్పందంలో ప్రయాణికుల కోసం ఒక వాక్యం రాయించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అసలు జబ్బు అక్కడే ఉంది. నైజాం, సీడెడ్, ఓవర్సీస్ అంటూ ఏరియాల వారీగా అమ్మే పద్ధతి రీలు డబ్బాల కాలానిది. ప్రింటు ఒక ఊళ్లో ఉంటే ఇంకో ఊళ్లో ఉండలేదు కాబట్టి అప్పుడు ఆ లెక్క నడిచింది. ప్రింటే లేని చోటా అదే గీతలు గీస్తున్నారు, ప్రేక్షకుణ్ణి కూడా ఏరియాకి కట్టేస్తున్నారు. డబ్బు కట్టి కూడా చూడలేనివాణ్ణి పైరసీ లింకు ఏ దేశమని అడగదు. పరిశ్రమ పెద్దలు పైరసీ మీద పెట్టే ప్రెస్‌మీట్లలో ఈ మాట ఎందుకు రాదు?

మన ప్రభుత్వానికి ఓటీటీ జోలికి వెళ్లడం తెలియనిదేం కాదు. 2021 ఐటీ నిబంధనల్లో వయసు రేటింగులు పెట్టింది, 2023లో పొగాకు హెచ్చరికలు తప్పనిసరి చేసింది. తెర మీద ఏం కనిపించాలో అంత పట్టింపుగా చెప్పిన ఢిల్లీ, డబ్బు కట్టినవాడికి ఆ తెర ఎక్కడెక్కడ వెలగాలో మాత్రం ఒక్క నిబంధనలోనూ రాయలేదు. కనీసం చందా అమ్మే పేజీలోనే, ధర పక్కన, ‘విదేశాల్లో పనిచేయదు’ అని అంతే పెద్ద అక్షరాల్లో రాయమనడానికైనా ఇంకా ఎవరి ఫిర్యాదు కోసం ఎదురుచూస్తోంది?